బాడుగ ఎవరి చేతికి

కుప్పుస్వామి తన ఇనుప సామాన్ల అంగడి ముందర రేకుల పందిరి వేయించిన ఏడు, వానాకాలంలో, గౌసియా బీ అతనితో పెట్టుకున్న తగాదా నేను మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఆ రేకుల మీద పడిన నీళ్ళన్నీ పక్కనున్న సందులోకి దూకేవి. సందు చివర గౌసియా బీ ఇల్లు. సందుకు ఇవతల, మసీదు వీధి మీదికి, ఆమె భర్త బుడేన్ సాహెబుకు మూడు అంగళ్ళున్నాయి. మొదటి అంగట్లో నా పిండిమిషను. రెండోది మునిరత్నం దర్జీ అంగడి. మూడోదాంట్లో బుడేన్ సాహెబే పరుపులు కుట్టేవాడు.

గౌసియా బీ ముందు మర్యాదగానే అడిగింది. నీళ్ళు గడప దాటి ఇంట్లోకి వస్తున్నాయని, రెండడుగులు రేకు వెనక్కి తీయించమని. కుప్పుస్వామి పళ్ళికిలించి, "వాన నేను కురిపిస్తాండానా బీబీ? పోయి పైనోణ్ణి అడుగు" అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. మరునాడు పొద్దున ఎనిమిది గంటలకు ముక్కాలిపీట ఒకటి, బీడీలు చుట్టే చేట ఒకటి తెచ్చుకుని, సరిగ్గా ఆ రేకుల కింద, అంగడి మెట్టుకు అడ్డంగా కూర్చుంది. ఆకు కత్తిరించడం, పొగాకు పోయడం, దారం చుట్టడం. నెత్తి మీద ముసుగు వేసుకుని కూర్చున్న ఆడమనిషిని దాటుకుని మేకులు కొనడానికి ఏ మగవాడు పోతాడు? వచ్చినవాడల్లా వెనక్కి తిరిగాడు.

కుప్పుస్వామి మధ్యాహ్నం దాకా అరిచాడు. ఆమె పుట్టిల్లునూ అత్తిల్లునూ ఏకం చేసి తిట్టాడు. ఆమె తలెత్తలేదు, బీడీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. చివరికి అతను పోయి బుడేన్ సాహెబును పిలుచుకొచ్చాడు. ఆ పెద్దాయన ఆమెను చూసి, అతణ్ణి చూసి, "నేను సెప్తే లేసే మనిసి అయితే ముప్పై ఏండ్లు ఆ అంగట్లో కూసోని పరుపులు ఎందుకు కుట్టుకుంటాను అబ్బా" అని చెప్పి తన అంగడికి పోయి మళ్ళీ సూది పట్టుకున్నాడు. వీధి వీధంతా నవ్వింది. సాయంత్రం ఐదింటికి కుప్పుస్వామి మనిషిని పిలిచి రేకు కోయించాడు. కోసిన ముక్క కింద పడ్డాక గౌసియా బీ కట్టలు కట్టుకుని లేచి, నా మిషను ముందర ఆగి, ఇంట్లో కూర్చుంటే రోజుకు ఆరువందల బీడీలే అవుతాయని, ఈ రోజు ఏడువందలు అయ్యాయని చెప్పి వెళ్ళింది.

అట్లా కూర్చునే గెలిచిన మనిషి, పదిహేనేళ్ళ తర్వాత కూర్చోవడం వల్లనే ఓడిపోయింది. ఆ ఓటమిలో నా చెయ్యి ఉంది. ఉంది కాబట్టే ఇది చెబుతున్నాను. ఆమె పోయి ఏడాది దాటింది. నేను చెప్పకపోతే ఆమె గురించి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, ఆమె కూతురు తప్ప, ఆ పిల్లకు చెప్పే తీరిక లేదు.

గౌసియా బీది పుంగనూరు. బుడేన్ సాహెబు మొదటి భార్య కామెర్లతో పోయాక, తొమ్మిదేళ్ళ కొడుకు జానీ బాషాను పెంచే మనిషి కావాలని ఈమెను చేసుకున్నాడు. అప్పటికి ఈమెకు ఇరవై ఆరు. ఖాజీ రాసిన నిఖా కాగితం ఒకటి, పెట్టె ఒకటి తెచ్చుకుని చిత్తూరులో బస్సు దిగింది. ఏడో తరగతి దాకా చదివింది. తెలుగూ వచ్చు, ఉర్దూ వచ్చు. ఆ పిల్లవాడికి తలంటడం, వాడు బడి ఎగ్గొడితే సినిమా హాలు దాకా పోయి చెవి పట్టుకుని లాక్కురావడం, అన్నీ ఈమే. పెళ్ళయిన ఆరేళ్ళకు ఉమ్మే హబీబా పుట్టింది. కూతురు పుట్టాక కూడా సంగట్లోకి మాంసం ముక్క ముందు జానీ గిన్నెలోనే పడేది. ఇది నేను చూసిన సంగతి, ఎవరో చెప్పింది కాదు. వాడు పెద్దవాడై వేలూరు పక్క తోళ్ళ గోడౌనులో పనికి చేరి, అక్కడి పిల్లనే చేసుకున్నాడు. పండగకు వచ్చేవాడు, పోయేవాడు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. పూతలపట్టు దగ్గర మా నాయనకు మామిడితోట ఉండేది. నన్ను మూడో క్లాసుతో మాన్పించారు. మొగుడు పోయాక బావల ఇంట్లో పళ్ళేలు కడగడం ఇష్టంలేక నా నగలమ్మి పిండిమిషను పెట్టుకున్నాను. రాగులు, సెనగలు, మిరపకాయలు, నా మిషనులో పట్టని పిండి లేదు. ఎవరి దగ్గరా తల దించలేదు. నాకు చదువు సరిగ్గా రాదన్న మాట కూడా ఎవరికీ తెలియనివ్వలేదు. కూడబలుక్కుంటే ఒక వరస వస్తుంది, రెండో వరసకు వచ్చేటప్పటికి మొదటిది మరిచిపోతాను. కరెంటు బిల్లు వస్తే, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానని చెప్పి హబీబా చేత చదివించుకునేదాన్ని. నాకు కళ్ళజోడే లేదు.

బుడేన్ సాహెబు ప్రతి నెలా అయిదో తేదీన వచ్చి టీ తాగి, బాడుగ తీసుకుని రసీదు రాసిచ్చేవాడు. ఆయనకు పక్షవాతం వచ్చాక ఆ పని గౌసియా బీ చేసింది. రసీదు ఆమె రాసేది, ఎడమచేత్తో ఆయన గీత గీసేవాడు. అయిదేళ్ళు అట్లా గడిచింది. రెండువేల మూడు మార్చిలో ఆయన పోయాడు.

మూడోనాడు నేను పలకరించడానికి వెళ్ళాను. గౌసియా బీ లోపలి గదిలో గోడకానుకుని ఉంది. చేతులకు గాజులు లేవు. ఇద్దత్ అంటారు వాళ్ళు. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది దినాలు ఇల్లు దాటకుండా, పరాయి మగవాళ్ళ ఎదుట పడకుండా ఉండాలి. పక్కన హబీబా కూర్చుని ఉంది. అప్పటికి ఆ పిల్ల టెన్తు పాసై దర్జీ పని నేర్చుకుంటోంది. గౌసియా బీ నా చెయ్యి పట్టుకుని, మిషను బెల్టు మార్పించుకున్నావా అని అడిగింది. మొగుడు పోయిన మూడోనాడు నా బెల్టు గుర్తుంది ఆమెకు.

ఏప్రిల్ అయిదున బాడుగకు జానీ బాషా వచ్చాడు. పెళ్ళాంబిడ్డలతో సహా వేలూరు వదిలి, ఇంటి ముందు గదుల్లోకి దిగిపోయి ఉన్నాడు. బీబీని ఒక మాట అడిగి ఇస్తాలే నాయనా అన్నాను. వాడు చేతులు కట్టుకుని నిలబడి, ఎంతో వినయంగా, "అమ్మీ ఇద్దత్‌లో ఉండాది పెద్దమ్మా. ఈ దినాల్లో దుడ్డు మాట ఆమెకాడికి తీసుకపోకూడదు. తీసుకపోతే ఆ పాపం ఆమెకే తగల్తాది" అన్నాడు.

అట్లాంటి నియమం ఏదీ లేదు. ఆడవాళ్ళు లోపలికి పోవచ్చు, మాట్లాడవచ్చు, దుడ్డు లెక్కలూ చెప్పవచ్చు. నాకు ఆ రోజు తెలియదు. సందులో పాతిక అడుగులు వేసి గౌసియా బీనే అడిగి ఉంటే తెలిసేది. మా ఇళ్ళల్లో మొగుడు పోయిన ఆడదానికి ఎన్ని అడ్డాలు పెట్టారో, ఎన్ని పూటలు మూల కూర్చోబెట్టారో నేను పడి ఎరుగుదును. వీళ్ళకూ అట్లాంటివే ఉంటాయనుకున్నాను. పరాయివాళ్ళ ఆచారం తెలియక తప్పు చేసిందని అనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. బాడుగ వాడికిచ్చాను. మే నెలలోనూ ఇచ్చాను. ఆ రెండు నెలల్లో సందులోకి అడుగే పెట్టలేదు. ఆమె లోపల కూర్చుని, నా పేరు చెప్పి, చంద్రకాంతమ్మ ఎందుకు రావడంలేదని కూతుర్ని అడిగేదట.

జూన్ అయిదు. కారాల రద్దీ ఇంకా తగ్గలేదు. అంగడి నిండా జనం, ముక్కులకు కొంగులు కట్టుకున్నారు. జానీ బాషా ప్లాస్టిక్ కవరుతో వచ్చి, తూకం బల్ల మీద కాగితాలు పరిచాడు. ఒకటి మునిసిపాలిటీ ఇచ్చిన మరణ సర్టిఫికెట్. రెండోది ఎమ్మార్వో ఆఫీసు వాళ్ళు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. మూడోది టైపుమిషను మీద కొట్టించిన కాగితం, కింద నా పేరు. "అంతా ఇందులో రాసుండాది పెద్దమ్మా. సదువుకోని సంతకం పెట్టు. సావకాశంగానే" అని పెన్ను ఇచ్చాడు.

గుండ్రటి ముద్ర కనిపించింది. ఆకుపచ్చ సిరాతో సంతకం కనిపించింది. పది మంది చూస్తున్నారు. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెడితే ఆ పది మందికీ తెలిసిపోతుంది. కాగితం మీద కళ్ళు పైనుంచి కిందికి జరిపి, తల ఊపి, సంతకం పెట్టాను. నా బొటనవేలి పిండి మరక ఆ కాగితం మీద అట్లాగే నిలిచింది.

ఆ సర్టిఫికెట్‌లో బుడేన్ సాహెబు వారసుడుగా ఒక్క జానీ బాషా పేరే ఉంది. నేను సంతకం పెట్టిన కాగితంలో, ఆయనకు వేరే వారసులెవరూ లేరని నాకు తెలుసుననీ, ఇక మీదట జానీ బాషానే ఓనరుగా ఒప్పుకుని బాడుగ అతనికే కడతాననీ ఉంది.

జూలైలో ఇద్దత్ ముగిసింది. ముగిసిన మరునాడే, నేను ఇంకా మిషను స్విచ్చి వేయకముందే, గౌసియా బీ కూతురితో వచ్చింది. చిక్కిపోయి ఉంది. బీడీ కంపెనీ వాళ్ళిచ్చే గుడ్డసంచి చంకలో ఉంది. దాంట్లోంచి ఒక్కొక్క కాగితమే తీసి తూకం బల్ల మీద, జానీ బాషా పరిచిన చోటనే పరిచింది. మునిసిపాలిటీ మరణ సర్టిఫికెట్, ఈమె వేరుగా తెప్పించుకున్నది. పుంగనూరు ఖాజీ పుస్తకంలోంచి రాయించి ముద్ర వేయించిన నిఖానామా నకలు. మొగుడి పేరూ, తన పేరూ, పిల్లలిద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డు. తండ్రి పేరున్న హబీబా టెన్తు సర్టిఫికెట్. పన్ను కట్టిన రసీదులు. చివర హబీబా చేతి రాతలో నా పేరుకు ఒక ఉత్తరం.

ఆ ఉత్తరం హబీబా చదివింది. ఫలానా తేదీన బుడేన్ సాహెబు చనిపోయాడు. ఆయన వారసులం ముగ్గురం: భార్య గౌసియా బీ, కొడుకు జానీ బాషా, కూతురు ఉమ్మే హబీబా. భాగాలు తేలేదాకా బాడుగ ముగ్గురిదీ. ముగ్గురూ సంతకం చేసిన రసీదుకే ఇవ్వాలి, ఒక్కరి చేతికి ఇచ్చి మిగతా ఇద్దరి భాగం పోగొట్టవద్దు. ఇదే ఉత్తరం రిజిస్టరు పోస్టులో కూడా వస్తుందని, వచ్చినప్పుడు కార్డు మీద సంతకం చేసి తీసుకోమని గౌసియా బీ చెప్పింది. పాతిక అడుగుల దూరానికి రిజిస్టరు పోస్టు ఏమిటే అని నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"మా సట్టం ప్రకారం ఇరవై నాలుగు పాళ్ళు చేస్తే జానీకి పద్నాలుగు అక్కా. పాపకు ఏడు. నాకు మూడు," అంది. "వాడిదే పెద్ద పాలు. వాడిది వాడు తింటే ఎవురొద్దన్నారు? నా మూడూ, పాప ఏడూ మింగితే కానీ వాడి కడుపు నిండదా?"

అప్పుడు చెప్పాను. సంతకం పెట్టిన సంగతి.

ఆమె పక్కనున్న రాగుల మూట మీద కూర్చుంది. తర్వాత ఒకే మాట అడిగింది. "సదివినావా అక్కా?"

హబీబా నా మొహం వంక చూస్తోంది. చదివానని గానీ, లేదని గానీ నేను చెప్పలేదు. ముద్ర ఉండింది కదా అన్నాను.

ఆ సర్టిఫికెట్ వాడికి ఎట్లా వచ్చిందో తర్వాత తెలిసింది. బుడేన్ సాహెబు మొదటి పెళ్ళి నాటి పాత రేషన్ కార్డు చూపించాడు. దాంట్లో తండ్రి, చచ్చిపోయిన తల్లి, కొడుకు. వీధిలో ఇద్దరు సాక్షులు కావాలంటే ఇద్దరు సంతకం చేశారు. అందులో ఒకడు కుప్పుస్వామి. పదిహేనేళ్ళ కిందటి రెండడుగుల రేకు అతనికి ఇంకా మంటగానే ఉంది. అభ్యంతరాలు చెప్పుకోమని ఆఫీసు పలక మీద అంటించిన కాగితాన్ని, ఇద్దత్‌లో కూర్చున్న మనిషి ఎట్లా చూస్తుంది? ఆఫీసు వాళ్ళు తమ ముందుకు వచ్చిన కాగితాలను నమ్మారు. ఆ ఇంటి మనుషులందరినీ ఎరిగిన నేనే నమ్మాను కదా.

నేను ప్లీడరు యోగానంద దగ్గరకు పోయాను. ఆయన మా పూతలపట్టు వైపు మనిషే. అన్నీ విని, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పే కాగితమే తప్ప, ఆస్తి ఎవరిదో తేల్చేది కాదని, అది తేల్చేది సివిల్ కోర్టు ఒక్కటేనని చెప్పాడు. ఇద్దరు వేరువేరుగా అడుగుతున్నారు, ఎవరికివ్వాలో నిజంగానే అనుమానం ఉంది. అట్లాంటప్పుడు ఒకరికిస్తే రెండోవాళ్ళు అడుగుతారు, ఎవరికీ ఇవ్వకుండా దాచుకుంటే బాడుగ ఎగ్గొట్టిందని ఖాళీ చేయిస్తారు. బాడుగ కేసులు చూసే జడ్జికి సంగతంతా రాసిచ్చి, నెలనెలా కోర్టులో కట్టేసి చలానా దాచుకొమ్మన్నాడు. భాగాలు తేలాక ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. అట్లాగే చేశాను. మునిరత్నం మాత్రం, సర్టిఫికెట్ ఉన్నవాడికి ఇస్తే సరిపోతుంది, కోర్టు మెట్లు నాకెందుకు అని, జానీ బాషాకే కట్టుకుంటూ పోయాడు.

నేను కోర్టులో కట్టడం న్యాయమే. ఆ న్యాయం వల్ల గౌసియా బీకి నెలకు ఒక్క రూపాయి రాలేదు. ఆ దుడ్డు అక్కడ పేరుకుంటోంది, ఈమె ఇక్కడ బీడీలు చుట్టుకుంటోంది. పరుపుల అంగడిని జానీ బాషా సెల్‌ఫోన్లు బాగుచేసేవాడికి బాడుగకిచ్చాడు. ఇంటి ముందు గదులకు వాడు తాళం వేసుకుంటే, తల్లీకూతుళ్ళు వెనక వంటగదిలో, పెరటి దోవన వచ్చిపోతూ బతికారు.

గౌసియా బీ సర్టిఫికెట్ రద్దుచేయమని అర్జీ పెట్టుకుంది. విచారణకు ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వీధిలోకే వచ్చాడు. నా అంగడి ముందర కుర్చీ వేయించుకున్నాడు. వీధంతా మూగింది. గౌసియా బీ గోడవారగా నిలబడింది, సంచి గుండెకు పట్టుకుని. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ అంగట్లో బాడుగకుంటున్న మనిషిని నేను, నా మాటకు విలువ ఉంటుంది. అందరికంటే ముందు నన్నే పిలిచాడు. ఈమె బుడేన్ సాహెబు పెళ్ళామే, ఈ పిల్ల ఆయన కూతురే, నా కళ్ళెదుట పుట్టింది అని గట్టిగా చెప్పాను. ఆయన రాసుకున్నాడు. గౌసియా బీ మొహంలోకి కొంచెం వెలుగొచ్చింది.

అప్పుడు జానీ బాషా ఆ కాగితం తీసి ఆయన చేతికిచ్చాడు. పిండి మరక ఇంకా ఉంది.

"ఈ సంతకం నీదేనామ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నాదేనన్నాను.

"వేరే వారసులు లేరని దీంట్లో ఉండాదే. ఇది సదివి పెట్టినావా, సదవకుండా పెట్టినావా?"

చదవలేదు, నాకు చదువు రాదు, వాడు పెట్టమంటే పెట్టాను. ఇంతే చెప్పవలసింది. ఇంత చిన్న మాట. కుప్పుస్వామి తన మెట్టు మీద నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు. మునిరత్నం ఉన్నాడు. పిండికి వచ్చిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళందరి ముందూ ఇరవై ఏళ్ళు నేను కళ్ళజోడు వెతుక్కున్నాను. గౌసియా బీ నా వంకే చూస్తోంది.

"సదివే పెట్టినాను," అన్నాను.

ఆయన అదీ రాసుకున్నాడు. ఈమె ఒకసారి ఒక మాట, ఇంకోసారి ఇంకో మాట చెబుతోంది, దీన్ని లెక్కలోకి తీసుకోవడం ఎట్లా అని పక్కవాడితో అన్నాడు. రెండు నెలలకు కాగితం వచ్చింది. సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగడం లేదు గనుక సర్టిఫికెట్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, కావాలంటే సివిల్ కోర్టుకు పొమ్మని.

పోయింది. భాగాల దావా వేసింది. దావాకు ఖర్చు, కాగితాలకు ఖర్చు, ఖాజీని సాక్ష్యానికి తీసుకురావాలంటే ఖర్చు. వాయిదా నాడు పొద్దున్నే చేట పక్కన పెట్టి, సంచి తీసుకుని, కోర్టు వరండాలో సాయంత్రం దాకా కూర్చుని వచ్చేది. వాయిదా పడితే ఆ రోజు బీడీల కూలీ పోయినట్టే. నన్ను ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే అక్కా అనే పిలిచేది. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. నేనే మాట తప్పిస్తూ, మిషను గట్టిగా తిప్పుకుంటూ, వినబడనట్టు ఉండేదాన్ని.

మూడో ఏడాదికి దగ్గు పట్టుకుంది. పొగాకు దుమ్మే అన్నారు పెద్దాసుపత్రిలో, ఊపిరితిత్తులు అరిగిపోయాయన్నారు. బీడీలు మానమన్నారు. మానితే అన్నం మానాలి. హబీబా మునిరత్నం అంగట్లోనే కూలీకి రవికెలు కుట్టింది; తన తండ్రి అంగట్లో తాను కూలీ. మునిరత్నం సిగ్గుపడి రెండు రూపాయలు ఎక్కువిచ్చేవాడు, బాడుగ మాత్రం జానీ బాషాకే ఇచ్చేవాడు.

రెండువేల ఆరు, అక్టోబరు. మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషను ఆగింది. హబీబా సందులోంచి వచ్చి, అమ్మీ నిన్ను రమ్మంటోంది పెద్దమ్మా అంది. మూడేళ్ళ తర్వాత ఆ సందులో నడిచాను. కుప్పుస్వామి కోయించిన రేకు అంచు తుప్పు పట్టి అట్లాగే ఉంది.

వంటగదిలో చాప మీద పడుకుని ఉంది. మనిషి సగం కూడా లేదు. పక్కన చేట బోర్లించి ఉంది. తలకింద దిండుకు బదులు ఆ గుడ్డసంచి. నన్ను కూర్చోమంది. నేను ఏదో చెప్పబోయాను, ఇన్‌స్పెక్టరు ముందు ఆ రోజు అని. ఆమె చెయ్యి ఊపి వద్దంది.

"నాకు ఆ పొద్దే తెలుసు అక్కా, నువ్వు సదవలేదని. కరెంటు బిల్లు సదవనోళ్ళు కోర్టు కాగితం సదువుతారా?" అని, దగ్గొస్తే ఆగి, మళ్ళీ అంది. "సెప్పేస్తావనుకున్నా. నువ్వు సెప్పలా. పోనీ."

హబీబా లేచి పెరట్లోకి పోయింది.

తర్వాత ఆమె నాతో నెమ్మదిగా, మధ్యలో ఊపిరి పీల్చుకుంటూ, పని మాట్లాడింది. తను ఇంకెన్నో రోజులు ఉండదు. దావా అయితే ఆగదు, తన పాలు హబీబా పేరు మీద నడుస్తుంది. నడవాలంటే తను చచ్చిపోయినట్టు కాగితం కావాలి. ఇంట్లో మనిషి పోతే మునిసిపాలిటీలో ఎవరైనా పోయి చెప్పాలి. హబీబా ఏడుస్తూ ఉంటుంది; మగదిక్కు జానీ ఒక్కడే, వాడు పోయి రాయిస్తే భర్త పేరు రాసే చోట ఏం రాయిస్తాడో తెలియదు. ఖాళీ వదిలేసినా చాలు, గౌసియా బీ ఎవరో, ఎవరి పెళ్ళామో అని మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే నన్ను పిలిచింది. ఇరవై ఒక్క దినాల లోపల పొమ్మంది. సంచిలో నిఖానామా పైనే పెట్టింది, అడిగితే చూపించమంది.

సరేనన్నాను.

ఆమె మోచేతి మీద లేచి, సంచి లాగి నా ఒళ్ళో పెట్టింది. నా చెయ్యి వదలలేదు.

"భర్త పేరు బుడేన్ సాహెబ్ అని రాయించు. రాసినాక నీ ముందర పెడతారు, సంతకానికి. ఎంతసేపైనా కానీ, ఎనకాల ఎంతమంది నిలబడినా కానీ, ఒక్కొక్క అచ్చరం కూడబలుక్కో. సదివే పెట్టక్కా."